రేట్ లిమిటర్ ఇంటర్వ్యూ: టోకెన్ బకెట్టా, స్లైడింగ్ విండోనా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారాలు హనుమకొండలో మా ఇంటి డాబా మీద కొందరు తమ్ముళ్లు, చెల్లెళ్లు మాక్ ఇంటర్వ్యూలకు వస్తుంటారు. వచ్చిన వాళ్లలో సగం మందికి సిస్టమ్ డిజైన్‌లో మొదట పడే ప్రశ్న రేట్ లిమిటరే. ఒక యూజర్ ఎన్ని రిక్వెస్టులు పంపొచ్చో హద్దు పెట్టే ముక్క అది. రెండు పద్ధతుల పేర్లూ అందరికీ వచ్చు. "ఇదే ఎందుకు?" అని ఒక్క మాట అడిగితే మాత్రం చాలామంది ఆగిపోతారు. వాళ్లు అడిగినవి, నేను వాళ్లను అడిగినవి కలిపి ఇక్కడ రాశాను.

అన్నా, సూటిగా చెప్పు. రెండింట్లో ఏది మంచిది?

ఇంటర్వ్యూలో ఈ ప్రశ్నకు సూటి జవాబు ఇచ్చినవాళ్లే ఇరుక్కుంటారు. ఆ రెండూ వేర్వేరు మాటలు ఇస్తాయి. నీ సిస్టమ్‌కు ఏ మాట కావాలో తేలాకే పద్ధతి తేలుతుంది.

టోకెన్ బకెట్‌ను మన చెరువు అనుకో. చెరువు నిండితే ఇంత నీళ్లు పడతాయని ఒక లెక్క, కాలువ నుంచి సెకనుకు ఇంత చేరుతుందని ఇంకో లెక్క. నిండాక వచ్చే నీళ్లు మత్తడి దుంకి పోతాయి, వాటిని దాచుకోలేం. ప్రతి రిక్వెస్టూ ఒక బిందె, అంటే ఒక టోకెన్, తోడుకుంటుంది. బిందెడు నీళ్లు లేకపోతే ఉత్త చేతులతో వెనక్కి పోవాల్సిందే. ఇక్కడ ఇచ్చే మాట ఏమిటంటే, "సగటున ఇంత వాడుకో, మధ్యలో అవసరం పడితే దాచిపెట్టినదంతా ఒక్కసారే తోడుకో."

స్లైడింగ్ విండోలో దాచుకోవడం ఉండదు. "ఇప్పటి నుంచి వెనక్కి 60 సెకన్లు చూస్తాను, అందులో 100 దాటితే ఆపేస్తాను" అంటుంది. ఏ క్షణంలో నిలబడి చూసినా గడిచిన నిమిషం మొత్తం హద్దు దాటదు. ఒకదాని కాపలా సగటు మీద, రెండోదాని కాపలా మొత్తం మీద.

నిమిషానికి 100 అని పెడితే రెండూ 100నే కదా ఆపేది?

కాదు. నేను చూసిన మాక్‌లలో ఎక్కువ మంది తడబడేది ఇక్కడే.

బకెట్ సైజు 100, నింపే వేగం నిమిషానికి 100 అనుకుందాం. క్లయింట్ కాసేపు ఖాళీగా ఉన్నాడు, బకెట్ నిండుగా ఉంది. వచ్చీరాగానే 100 రిక్వెస్టులు కొట్టాడు, అన్నీ పోయాయి. తర్వాత ప్రతి 0.6 సెకన్లకు ఒక టోకెన్ పడుతూనే ఉంటుంది, అతను వాటినీ వాడేస్తూ పోయాడు. ఆ నిమిషం పూర్తయ్యేసరికి మొత్తం 200. నువ్వు బోర్డు మీద రాసింది 100, సర్వర్ మీద పడింది 200.

దీని సూత్రం చిన్నదే. బకెట్ సైజు B, సెకనుకు నిండే వేగం r అయితే, T సెకన్లలో అత్యధికంగా పోయేవి:

```
B + r × T
```

ఇంటర్వ్యూలో ఈ ఒక్క లైన్ బోర్డు మీద రాస్తే చాలు, తర్వాతి సంభాషణ స్థాయే మారిపోతుంది. ఏ నిమిషంలోనూ 100 దాటకూడదని ఇంటర్వ్యూయర్ పట్టుబడితే B, r విలువలు ఈ సూత్రంలోంచే వస్తాయి: B = 20, r = నిమిషానికి 80. మొత్తం 100 లోపే ఉంటుంది. దానికి మూల్యం కూడా చెప్పాలి: నిలకడగా వాడుకునే క్లయింట్‌కు ఇప్పుడు నిమిషానికి 80 మాత్రమే దక్కుతాయి.

అయితే రిక్వెస్టులు ఒక్కసారే గుంపుగా వచ్చే బర్స్ట్ రాకూడదంటే స్లైడింగ్ విండో వాడాలి, అంతేనా?

ఇది నూటికి తొంభై మంది చెప్పే జవాబు, కానీ తప్పు. నిమిషానికి 100 అనే స్లైడింగ్ విండోలో ఆ 100 రిక్వెస్టులూ మొదటి సెకనులోనే రావచ్చు. విండోకు అభ్యంతరం ఏమీ ఉండదు, మొత్తం దాటలేదు కదా. తర్వాత 59 సెకన్లు తలుపు మూసి, 60వ సెకను కాగానే పాత వందా ఒకేసారి విండోలోంచి జారిపోతే మళ్లీ వంద చోట్లూ ఒకేసారి ఖాళీ అవుతాయి. అప్పటిదాకా రీట్రై చేస్తూ కాచుకున్న క్లయింట్ మళ్లీ ఒక్క ఊపులో వంద కొడతాడు. నిమిషానికోసారి సమ్మెట దెబ్బ.

వెనక ఉన్న డేటాబేస్ ఒక్క సెకనులో 100 వస్తే తట్టుకోలేదు, పాతిక దాకా అయితే తట్టుకుంటుంది అనుకుందాం. అక్కడ పనికొచ్చేది B = 20 ఉన్న టోకెన్ బకెట్, స్లైడింగ్ విండో కాదు. బర్స్ట్‌కు హద్దు పెట్టే మీట బకెట్‌లో విడిగా ఉంటుంది. విండోలో ఆ మీటే లేదు. కావాలంటే సెకనుకు ఒకటి, నిమిషానికి ఒకటి అని రెండు విండోలు పెట్టుకోవాలి.

ఒక ఉదాహరణ మొదటి నుంచి చివరిదాకా చేసి చూపిస్తావా?

తప్పకుండా. ఎనుమాముల మార్కెట్ చుట్టూ ఒక యాప్ ఊహించుకుందాం. తేజ, చపాట లాంటి మిర్చి రకాల ధరలు కమీషన్ ఏజెంట్లు, రైతులు ఫోన్‌లో చూస్తారు. లాగిన్‌కు ఓటీపీ వస్తుంది. ఈ యాప్‌లో రెండు లిమిట్లు కావాలి. రెండింటికీ ఒకే జవాబు పనికిరాదు కాబట్టే ఈ ఉదాహరణ ఎంచుకున్నాను.

ముందు ధరల సంగతి. యాప్ తెరిస్తే 12 రకాలకు 12 రిక్వెస్టులు ఒకేసారి వెళ్తాయి, 30 సెకన్లకోసారి స్క్రీన్ రిఫ్రెష్ అవుతుంది. అంటే మంచి యూజర్ వాడకమే గుంపులు గుంపులుగా ఉంటుంది: 12 వస్తాయి, కాసేపు నిశ్శబ్దం, మళ్లీ 12. నిలకడ లెక్క నిమిషానికి 24. బకెట్ సైజు 12 కంటే తక్కువ పెడితే మొదటి స్క్రీనే సగం వస్తుంది. నేనైతే B = 30, r = సెకనుకు 0.5 పెడతాను, అంటే నిమిషానికి 30. రెండుసార్లు వెంటవెంటనే తెరిచినా తట్టుకుంటుంది, నిలకడ వాడకానికి కొంచెం జాగా మిగులుతుంది. అత్యధికంగా ఒక నిమిషంలో 30 + 30 = 60.

ఇప్పుడు బకెట్ ఎలా నడుస్తుందో చూడు. వేలం మొదలయ్యే వేళ ఒక ఏజెంట్ యాప్ తెరిచాడు. 30లో 12 పోయాయి, 18 మిగిలాయి. చేయి తగిలి యాప్ మూసుకుపోయింది, 4 సెకన్లకు మళ్లీ తెరిచాడు. ఈలోగా 2 టోకెన్లు చేరి 20 అయ్యాయి, 12 పోతే 8. ధర మారిందేమోనని 2 సెకన్లకే మూసి మళ్లీ తెరిచాడు. 1 చేరి 9 అయ్యాయి, కావాల్సింది 12. తొమ్మిది రకాల ధరలు వచ్చాయి, మూడు గళ్లలో ఖాళీ.

ఆ ఖాళీ గళ్లు చూసి అతను ఏం చేస్తాడు? మళ్లీ రిఫ్రెష్ కొడతాడు. లిమిటరే అదనపు లోడ్ పుట్టించింది. అందుకే ఇక్కడ ఇంటర్వ్యూయర్‌తో అనాల్సిన మాట: "12 విడి రిక్వెస్టుల బదులు ఒకే రిక్వెస్టులో 12 రకాలూ అడిగేలా ఏపీఐ మారుస్తాను. కుదరకపోతే స్క్రీన్ మొత్తానికి కలిపి 12 టోకెన్లు తీసుకుంటాను, ఇస్తే అన్నీ, లేకపోతే ఏదీ లేదు." ఒక్కో రిక్వెస్టుకు వేర్వేరు ఖరీదు పెట్టడం బకెట్‌లో చాలా తేలిక. 1 తీసేసే చోట 12 తీసేస్తాం, అంతే.

ఇంకో మెలిక. ఇదంతా ఒక్కో యూజర్‌కు పెట్టిన లిమిట్. వేలం వేళకు 2,000 మంది ఒకేసారి యాప్ తెరిస్తే 24,000 రిక్వెస్టులు వస్తాయి, ఒక్కరు కూడా తన లిమిట్ దాటలేదు. యూజర్ లిమిటర్ ఒకరి అతి నుంచి మిగతావాళ్లను కాపాడుతుంది కానీ అందరూ కలిసి వస్తే ఏమీ చేయలేదు. దానికి సర్వీసు ముందు విడిగా ఒక మొత్తం లిమిట్ ఉండాలి, ధరల లాంటి డేటాకు కాష్ కూడా ఉండాలి. ఈ మాట అడగకముందే చెప్పే అభ్యర్థులు నాకు అరుదుగా కనిపించారు.

ఓటీపీ లిమిట్‌కు కూడా బకెట్ పెట్టకూడదా?

ఒక నంబరుకు గంటకు 5 ఓటీపీలే వెళ్లాలి అనుకుందాం. ప్రతి ఎస్ఎంఎస్‌కూ డబ్బు పోతుంది, పైగా ఎవరైనా వేరేవాళ్ల నంబరు కొట్టి వేధించొచ్చు. ఇక్కడ 5 అంటే 5 కావాలి.

B = 5, r = గంటకు 5 పెడితే సూత్రం ప్రకారం గంటలో 10 దాకా వెళ్లొచ్చు. సరే, మొత్తం 5కు కుదిద్దాం: B = 2, r = గంటకు 3. లెక్క సరిపోయింది. కానీ రెండు ఓటీపీలు వాడేశాక మూడో దానికి 20 నిమిషాలు ఆగాలి. పల్లెలో సిగ్నల్ సరిగా లేక ఎస్ఎంఎస్ అందని రైతు ఐదు నిమిషాల్లో మూడుసార్లు అడగడం మామూలే. మోసగాణ్ని ఆపబోయి అతన్ని ఆపేశాం.

ప్రతి రిక్వెస్టు టైమూ రాసిపెట్టుకునే స్లైడింగ్ విండో లాగ్ అయితే ఆ ఐదూ వెంటవెంటనే ఇచ్చేసి, ఆరోదాన్ని మొదటి ఓటీపీకి గంట నిండేదాకా ఆపుతుంది. మాట కచ్చితం, మంచి యూజర్‌కు ఇబ్బంది తక్కువ. లాగ్‌కు మెమరీ ఎక్కువ అవుతుందని అందరూ బట్టీ పట్టి చెబుతారు. కానీ లాగ్ మెమరీ లిమిట్ సైజును బట్టి పెరుగుతుంది. ఇక్కడ నంబరుకు దాచాల్సింది ఐదే ఐదు టైమ్‌స్టాంపులు. దానికి భయపడాల్సిన పని లేదు.

ఒకే యాప్‌లో ధరలకు బకెట్, ఓటీపీకి లాగ్. ఇలా చెప్పి కారణాలు చూపిస్తే "ఏది మంచిది" అనే ప్రశ్న ఇక రాదు.

లాగ్, కౌంటర్ అని రెండు స్లైడింగ్ విండోలు ఉన్నాయంటారు. తేడా ఏమిటి?

లాగ్‌లో ప్రతి రిక్వెస్టు టైమూ దాస్తాం. సర్వర్లన్నీ కలిసి వాడుకునే, మెమరీలో నడిచే డేటాబేస్ రెడిస్‌లో అయితే సార్టెడ్ సెట్: `ZREMRANGEBYSCORE`తో పాతవి తీసేసి, `ZCARD`తో లెక్కపెట్టి, హద్దు లోపల ఉంటే `ZADD`తో చేరుస్తాం. రెండు గుంటలు ఉన్నాయి ఇక్కడ. ఒకటి, సెట్‌లో సభ్యుడి పేరుగా టైమ్ ఒక్కటే వాడితే ఒకే మిల్లీసెకనులో వచ్చిన రెండు రిక్వెస్టులు ఒకటైపోతాయి, లెక్క తగ్గుతుంది. టైమ్ పక్కన రిక్వెస్ట్ ఐడీ తగిలించాలి. రెండు, ముందే చేర్చేసి తర్వాత లెక్కపెడితే తిరస్కరించినవి కూడా లాగ్‌లో చేరతాయి. అప్పుడు ఆగకుండా రీట్రై చేసే క్లయింట్ ఎప్పటికీ లోపలికి రాలేడు. అది శిక్షగా కావాలనే పెట్టుకుంటే సరే, తెలియక పెడితే బగ్.

కౌంటర్‌లో రెండే అంకెలు దాస్తాం: పోయిన నిమిషంలో ఎన్ని, ఈ నిమిషంలో ఎన్ని. పోయిన నిమిషపు లెక్కలో ఇంకా విండోలో ఉన్న వాటా మాత్రమే తీసుకుంటాం. పోయిన నిమిషంలో 80 వచ్చాయి, ఈ నిమిషంలో 15 సెకన్లు గడిచి 30 వచ్చాయి అనుకో.

```
80 × (45/60) + 30 = 90
```

లిమిట్ 100, కాబట్టి ఇంకో 10 పోవచ్చు. ఈ లెక్కలో ఒక ఊహ దాగి ఉంది: ఆ 80 నిమిషమంతా సమంగా పరుచుకుని వచ్చాయని. నిజానికి ఆ 80 చివరి పది సెకన్లలోనే వచ్చి ఉంటే గడిచిన 60 సెకన్లలో అసలు సంఖ్య 110, హద్దు అప్పటికే దాటింది. మొదటి పది సెకన్లలోనే వచ్చి ఉంటే అసలు సంఖ్య 30 మాత్రమే, ఇంకో 70 పంపొచ్చు, కానీ మనం 10కే ఆపేస్తున్నాం. తప్పు రెండు వైపులకూ పోతుంది.

మామూలు ట్రాఫిక్‌లో ఈ తప్పు చాలా చిన్నది. క్లౌడ్‌ఫ్లేర్ 2017లో ఈ పద్ధతి గురించి రాసినప్పుడు, 40 కోట్ల రిక్వెస్టుల మీద చూస్తే తప్పుగా వదిలినవి, తప్పుగా ఆపినవి కలిపి 0.003 శాతమేనని చెప్పింది.

కానీ కావాలని ఆడుకునేవాడు ఉంటే? నిమిషం చివరి క్షణంలో 100 కొట్టాడు. కొత్త నిమిషంలో t సెకన్లు గడిచాక అతనికి దొరికేవి 100 × t/60. అంటే వంద ఒక్క ఊపులో, ఆ తర్వాత 0.6 సెకన్లకు ఒకటి చొప్పున. ఇది ఎక్కడో చూసినట్టు లేదూ? B = 100 ఉన్న టోకెన్ బకెట్ సరిగ్గా ఇలాగే నడిచింది, 60 సెకన్లలో దాదాపు 200. కౌంటర్‌ను ఎన్నుకుని "ఇది కచ్చితం" అని చెప్పినవాడిని ఇంటర్వ్యూయర్ ఈ ఒక్క ఉదాహరణతో కూర్చోబెట్టొచ్చు. నువ్వే ముందు చెప్పేస్తే ఆ అవకాశం ఉండదు.

ఫిక్స్‌డ్ విండో గురించి చెప్పాలా?

నిమిషం మారగానే లెక్కను సున్నా నుంచి మొదలుపెట్టే పద్ధతి అది, ఒక్క వాక్యం చాలు. నిమిషం మారే గీత దగ్గర అటు 100, ఇటు 100 వచ్చి రెండు సెకన్లలో 200 పోవచ్చు, అందుకే వదిలేస్తున్నానని చెప్పి ముందుకు పో. దాని మీద ఐదు నిమిషాలు గడిపితే అసలు విషయానికి టైమ్ చాలదు.

మెమరీ లెక్క వేయమంటే?

లక్ష మంది యూజర్లు, ఒక్కొక్కరికి 100 లిమిట్ అయితే లాగ్‌లో అత్యధికంగా కోటి ఎంట్రీలు. ఎంట్రీకి 100 బైట్లు అనుకుందామని ముందే చెప్పి లెక్క వెయ్యి: 1 జీబీ. బకెట్‌కు యూజర్‌కు రెండే విలువలు, మిగిలి ఉన్న టోకెన్లు, చివరిసారి చూసిన టైమ్. కీ పేరు, ఇతర ఖర్చులు కలిపి 200 బైట్లు అనుకున్నా 20 ఎంబీ. కౌంటర్ కూడా అదే కోవ. అంకె కచ్చితంగా ఉండాలని ఎవరూ అడగరు. ఎక్కడ యాభై రెట్లు వస్తుందో, ఎక్కడ రాదో తెలిస్తే చాలు.

కోడ్ రాయమంటే ఎంతవరకు రాయాలి?

బకెట్ అయితే ఇంత చాలు. రెడిస్ లోపల నడిచే లూవా స్క్రిప్ట్ ఇది:

```lua
local cap  = tonumber(ARGV[1])
local rate = tonumber(ARGV[2])
local t    = redis.call('TIME')
local now  = tonumber(t[1]) + tonumber(t[2]) / 1000000
local s    = redis.call('HMGET', KEYS[1], 'tokens', 'ts')
local tokens = tonumber(s[1]) or cap
local ts     = tonumber(s[2]) or now
tokens = math.min(cap, tokens + math.max(0, now - ts) * rate)
local ok = 0
if tokens >= 1 then
  tokens = tokens - 1
  ok = 1
end
redis.call('HSET', KEYS[1], 'tokens', tokens, 'ts', now)
redis.call('EXPIRE', KEYS[1], math.ceil(cap / rate) + 1)
return ok
```

ఇక్కడ టోకెన్లు పోసేవాడు ఎవడూ లేడని గమనించు. లక్ష బకెట్లకు టైమర్ పెట్టి నింపుతానని చెప్పినవాళ్లను చూశాను. అవసరం లేదు. రిక్వెస్ట్ వచ్చినప్పుడే గడిచిన సమయాన్ని వేగంతో గుణిస్తే ఈపాటికి ఎంత చేరి ఉండాలో తెలుస్తుంది. చాలాసేపు రిక్వెస్ట్ రాకపోతే కీ దానంతట అదే ఎక్స్‌పైర్ అవుతుంది. ఎలాగూ ఆ సమయానికి బకెట్ నిండిపోయి ఉంటుంది కాబట్టి పోయేది ఏమీ లేదు.

స్క్రిప్టే ఎందుకు అని కచ్చితంగా అడుగుతారు. విడిగా చదివి, విడిగా రాస్తే మధ్యలో ఇంకో సర్వర్ దూరుతుంది. బకెట్‌లో ఒక్క టోకెన్ ఉంది, మూడు సర్వర్లూ ఒకేసారి చదివాయి, మూడింటికీ 1 కనిపించింది, మూడూ వదిలేశాయి. లూవా స్క్రిప్ట్ నడుస్తున్నంతసేపు రెడిస్ ఇంకో కమాండ్ తీసుకోదు, కాబట్టి చదవడం, రాయడం ఒకే ముక్కగా జరుగుతాయి. టైమ్ కూడా రెడిస్‌దే తీసుకున్నాం. ఒక్కో సర్వర్ గడియారం ఒక్కోలా ఉంటే ముందున్నవాడు టోకెన్లు ఎక్కువ పోసేస్తాడు.

నీ కోడ్‌లో ఎప్పుడైనా తప్పు జరిగిందా అన్నా?

జరిగింది, ఇంటర్వ్యూలో చెప్పుకోదగ్గ తప్పు. ఇదివరకు పనిచేసిన చోట నేనే రాసిన బకెట్. లిమిట్ నిమిషానికి 100. టోకెన్లు పూర్ణ సంఖ్యలే ఉండాలని, చేరాల్సిన వాటిని కింది పూర్ణ సంఖ్యకు కుదించాను. టెస్టులన్నీ పాసయ్యాయి.

కొన్నాళ్లకు ఒక క్లయింట్ నుంచి ఫిర్యాదు: రిక్వెస్టులు ఎక్కువయ్యాయని చెప్పే 429 ఎర్రర్ ఒకసారి మొదలైతే ఇక ఆగడం లేదని. మిగతా వాళ్లకు ఏ ఇబ్బందీ లేదు. లాగులు తీసి చూస్తే అతను అర సెకనుకోసారి అడుగుతున్నాడు. అర సెకనులో చేరాల్సింది 0.83 టోకెన్, నేను కుదించడంతో సున్నా అయింది. సున్నా చేర్చి, చివరిసారి చూసిన టైమ్‌ను మాత్రం ఇప్పటికి మార్చేశాను. ఆ 0.83 గాలికి పోయింది. తర్వాతి అర సెకనులోనూ అంతే. 0.6 సెకన్ల కంటే వేగంగా అడిగే ఎవరికైనా బకెట్ ఎప్పటికీ నిండదు. నెమ్మదిగా అడిగేవాళ్లకు ఈ తప్పు కనబడదు, నా టెస్టులు కూడా నెమ్మదివే.

మందు రెండు రకాలు. టోకెన్లను దశాంశాలతో సహా దాచాలి, పై కోడ్ చేస్తున్నది అదే. లేదా పూర్తి టోకెన్ చేరినప్పుడే టైమ్‌ను ముందుకు జరపాలి, అదీ చేర్చినంత మేరకే. ఈ బగ్ ఉందేమో తెలుసుకోవాలంటే లిమిట్ కంటే రెట్టింపు వేగంతో పది నిమిషాలు కొట్టి చూడు. మొదట బకెట్ ఖాళీ అయ్యాక నిమిషానికి సుమారు 100 లోపలికి పోతుండాలి. సున్నాకు పడిపోయిందంటే ఇదే.

ఒక చిన్న గుంట రెడిస్‌లో కూడా ఉంది. స్క్రిప్ట్ నుంచి దశాంశ సంఖ్యను తిరిగి ఇస్తే రెడిస్ దాన్ని పూర్ణ సంఖ్యగా కత్తిరించేస్తుంది. మిగిలిన టోకెన్లను బయటికి పంపాలంటే `tostring`తో పంపాలి.

ఇంటర్వ్యూయర్‌తో మాట ఎలా మొదలుపెట్టాలి?

పద్ధతి పేరుతో మొదలుపెట్టకు. మా డాబా మీద ఒక చెల్లెలు చేసిన మాక్‌లో కొంత భాగం రాస్తాను. నేను ఇంటర్వ్యూయర్‌ని.

"రేట్ లిమిటర్ డిజైన్ చేయండి."

"సార్, ముందు ఒకటి అడగొచ్చా? దేన్ని కాపాడుతున్నాం, వెనక ఉన్న సర్వర్‌నా, ఖర్చునా? లిమిట్ కొంచెం దాటితే ఏమవుతుంది?"

"సర్వర్‌నే అనుకోండి. కొంచెం దాటినా ఫర్వాలేదు."

"అయితే టోకెన్ బకెట్ తీసుకుంటాను. ఒకేసారి ఎన్ని వస్తే సర్వర్ తట్టుకుంటుందో దాన్ని బట్టి సైజు, రోజంతా ఎంత మోయగలదో దాన్ని బట్టి వేగం పెడతాను. ఒక నిమిషంలో సైజు, వేగం కలిపినంత దాకా పోవచ్చు, ఆ సంఖ్య మీకు సమ్మతమేనా?"

"సమ్మతమే. కానీ ఇప్పుడు బిల్లింగ్ టీమ్ వచ్చి, కస్టమర్ కొన్న కోటా ఒక్కటి కూడా దాటకూడదంటోంది."

"అప్పుడు ఇచ్చే మాట మారింది సార్. కోటా ఏ కాలానికి? గడిచిన గంటకైతే లాగ్ పెడతాను. క్యాలెండర్ నెలకైతే విండో జరగాల్సిన పనే లేదు, నెలకో కౌంటర్ చాలు. బకెట్‌ను తీసెయ్యను, సర్వర్ కోసం అది ముందు ఉంటుంది, కోటా దాని వెనక ఉంటుంది."

చివరి జవాబు విని నేను పెన్ను కింద పెట్టాను. బకెట్‌ను సమర్థించుకోలేదు, వదిలేయనూ లేదు. నెల కోటాకు ఫిక్స్‌డ్ కౌంటరే చాలని గుర్తుపట్టింది కూడా. ఇంటర్వ్యూయర్ మధ్యలో షరతు మార్చేది ఇది చూడటానికే. టెన్షన్ పడి మొదటి డిజైన్‌ను పట్టుకు వేలాడితే అక్కడే మార్కులు పోతాయి.

లీకీ బకెట్ అడిగితే?

చెరువుకు తూము పెట్టినట్టు. పైనుంచి ఎంత వచ్చినా కిందికి ఒకే ధారగా వదులుతుంది. రిక్వెస్టులు లైన్‌లో ఆగుతాయి కాబట్టి ఆలస్యం పెరుగుతుంది. ఎన్‌జిన్‌ఎక్స్‌లోని `limit_req` ఈ కోవదే. `burst`కు `nodelay` తోడు చేస్తే లైన్‌లో ఆపకుండా వెంటనే వదిలేస్తుంది, అప్పుడు నడక టోకెన్ బకెట్‌లాగే కనిపిస్తుంది.

ఆపేసిన క్లయింట్‌కు ఏం చెప్పాలి?

హెచ్‌టీటీపీ 429, దాంతోపాటు `Retry-After` హెడర్. ఎంతసేపు ఆగాలో చెప్పడం కూడా పద్ధతిని బట్టి మారుతుందని గుర్తుంచుకో. బకెట్‌లో అయితే తక్కువపడిన టోకెన్‌ను వేగంతో భాగించాలి. ధరల ఉదాహరణలో టోకెన్లు సున్నా అయితే 1/0.5, అంటే 2 సెకన్లు. లాగ్‌లో అయితే అన్నిటికంటే పాత టైమ్‌స్టాంప్ ఎప్పుడు జారిపోతుందో అదే జవాబు, ఓటీపీకి అది దాదాపు గంట కావచ్చు. కౌంటర్‌లో వచ్చేది ఉజ్జాయింపు మాత్రమే.

రెడిస్ పడిపోతే?

ఇది దాదాపు ప్రతి ఇంటర్వ్యూలో చివరి ప్రశ్న. ఇక్కడ కూడా లిమిట్‌ను బట్టే జవాబు. మిర్చి ధరల లిమిటర్ తెగిపోతే రిక్వెస్టులను వదిలేస్తాను, వేలం వేళ అందరికీ ధరలు ఆగిపోవడం కంటే అది నయం. పూర్తిగా వదలకుండా ప్రతి సర్వర్ తన మెమరీలో ఒక బకెట్ పెట్టుకుంటుంది. నాలుగు సర్వర్లు ఉంటే ఒక్కోదానికి సెకనుకు 0.125 వేగం. సైజును కూడా నాలుగో వంతు చేస్తే 7.5 అవుతుంది, 12 రిక్వెస్టుల స్క్రీన్‌లో చాలాభాగం ఒకే సర్వర్ మీదకు వెళ్తే అది చాలదు. అందుకే సైజును 12కు తగ్గకుండా ఉంచి, కాసేపు మొత్తం లెక్క వదులుగా ఉంటుందని ఇంటర్వ్యూయర్‌కు చెబుతాను.

ఓటీపీకి మాత్రం ఆపేస్తాను. రెడిస్ తిరిగి లేచేదాకా కొత్త లాగిన్లు జరగవు. అప్పటికే లాగిన్ అయి ఉన్నవాళ్లకు యాప్ నడుస్తూనే ఉంటుంది.